నాన్న ఫోన్‌లో అలారాలు: తిండి ఉదయం 9:30 నుంచి రాత్రి 7:30 దాకానే

ఉదయం 6:00
నాన్నా, ముందు గ్లాసుడు నీళ్లు. బీపీ మాత్ర ఎప్పట్లాగే ఇప్పుడే వేసుకో, అది మానొద్దని డాక్టరుగారు చెప్పారు కదా. మహేంద్రతనయ నది వైపు నడిచి రా. దారిలో టీ బండి దగ్గర ఆగకు. పాలూ పంచదారా పడ్డాక అది టీ కాదు, టిఫినే. ఉండలేకపోతే ఇంట్లో ఉత్త డికాషన్ తాగు.

9:30
ఇప్పుడు తిను. ఇడ్లీ అయినా, చద్దన్నం ఉల్లిపాయ అయినా నీ ఇష్టం. ఇంతసేపు ఆగానని రెండింతలు పెట్టించుకోకు.

మధ్యాహ్నం 1:30
కుర్రాణ్ని కొట్లో కూర్చోబెట్టి ఇంటికెళ్లు. రోజు మొత్తంలో కడుపునిండా తినాల్సింది ఇప్పుడే: అన్నం, పప్పో దాల్మానో, ఆకుకూర, మజ్జిగ. మూడున్నరకి తింటే ఏడింటికి ఆకలి వేయదు, పదింటికి వేస్తుంది. మళ్లీ పాత కథే.

4:30
టీ, గుప్పెడు వేయించిన శనగలు.

6:50
క్యారియర్ వచ్చేసి ఉంటుంది. బేరం మధ్యలో ఉన్నా, చీరలన్నీ పరిచి ఉన్నా సరే, లోపలికెళ్లి పావుగంటలో తినేసి రా. ఈ అలారం ఆపేసి మళ్లీ బీరువా వైపు తిరుగుతావని నాకు తెలుసు. అందుకే 7:05కి ఇంకోటి పెట్టాను.

7:30
అయిపోయింది. ఇక నీళ్లే. పడుకునే ముందు అమ్మ పాలగ్లాసు ఇచ్చినా వద్దను. కళ్లు తిరిగినా, ఒంట్లో బాగోకపోయినా మాత్రం టైము చూడకు. ఏదో ఒకటి తిని నాకు ఫోన్ చెయ్యి.

ఆదివారం రాత్రి 8:00, వారం చిట్టా
7 రోజుల్లో 5 రోజులు 7:30 లోపే చివరి ముద్ద. పోయిన వారం 3. క్యారియర్ కొట్టుకి రావడమే పనిచేసింది, అమ్మకి చెప్పు.

తప్పిన రోజులు రెండు. గురువారం పక్కింటి మావుసి మాణబసా పూజ ప్రసాదం, 8:40కి రెండు మండా పిఠాలు. ప్రసాదం లెక్కలోకి రాదన్నావు, నేను రాశాను. శనివారం గుణుపురం వాళ్లొచ్చి 9:45కి భోజనాలు. దానికి పరిహారమని ఆదివారం మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఉన్నావట. అలా చెయ్యకు. తప్పిన రోజు తప్పింది, మర్నాడు మామూలుగా 9:30కే తిను.

బరువు 78.6 నుంచి 78.2. ఒక్క వారానిది కాబట్టి ఒంట్లో నీటి తేడా కూడా కావచ్చు, అప్పుడే వీధంతా చెప్పకు. రాత్రిళ్లు గుండెల్లో మంట రాలేదన్నావు చూడు, నాకు అదే సంతోషం.

మార్గశిరంలో గురువారాలు ఇంకా ఉన్నాయి. మావుసి పిఠాలు తెస్తే కాదనకు, కళ్లకద్దుకుని డబ్బాలో పెట్టించు. పొద్దున ఆవిరి మీద వేడి చేస్తే 9:30కి అదే టిఫిన్.