నాలుగు సెమిస్టర్ల ఫిజిక్స్ పునశ్చరణ: మార్చి 16 నుంచి ఏప్రిల్ 26 వరకు

మనిద్దరి నోట్సు పుస్తకాలు పదహారూ మంచం మీద పరిచి చూశాను. మొదటి సెమిస్టర్ నుంచి వరసగా చదువుకుంటూ వద్దాం అన్నావు. వద్దు. అలా వస్తే సాలిడ్ స్టేట్ దగ్గరికి చేరేసరికి క్వాంటం మెకానిక్స్ మరచిపోతాం. మిగతా పాఠాలు దేని మీద ఎక్కువగా ఆధారపడ్డాయో అదే ముందు.

మార్చి 16–18: వడపోత. ప్రతి అధ్యాయానికీ నోట్సు మూసి, తెల్లకాగితం మీద పావుగంట గుర్తున్నది రాయాలి. రాయలేకపోయిన చోట ఎర్రచుక్క. చదువుతుంటే తెలిసినట్టే ఉండే పాఠాలు ఇక్కడే బయటపడతాయి. 19న ఉగాది, ఇంటికి వెళ్లి రా.

మార్చి 20–29: హార్మోనిక్ ఆసిలేటర్. పది రోజులు ఎక్కువనకు. క్లాసికల్ మెకానిక్స్‌లో చిన్న డోలనాలతో మొదలుపెట్టి, క్వాంటంలో E = (n + 1/2)ħω ను నిచ్చెన ఆపరేటర్లతో నువ్వు బోర్డు మీద రాబట్టాలి, నేను తప్పులు పట్టాలి. మరుసటి రోజు నేను రాస్తాను. ఈ ఒక్క ఫలితం తర్వాత నాలుగు చోట్ల ఎదురవుతుంది. స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో ఇవే శక్తిస్థాయిలతో పార్టిషన్ ఫంక్షన్ రాస్తాం. 1907లో ఐన్‌స్టీన్ ఘనపదార్థాల విశిష్టోష్ణాన్ని దీనితోనే వివరించాడు. 1912లో డిబై పౌనఃపున్యాల వ్యాప్తిని కలిపి, తక్కువ ఉష్ణోగ్రతల్లో T³ నియమాన్ని రాబట్టాడు. అణువుల కంపన వర్ణపటంలోనూ ఇదే. న్యూక్లియర్ షెల్ నమూనాలో ఆసిలేటర్ ఒక్కటే 2, 8, 20 వరకు సరిగ్గా ఇస్తుంది. 28, 50 రావాలంటే స్పిన్-ఆర్బిట్ పదం కలపాలి. నా పుస్తకంలో ఈ పేజీ అంచున "ఎందుకు?" అని రాసుకుని వదిలేశాను. అది ఈసారి తేల్చాలి.

మార్చి 30–ఏప్రిల్ 7: స్టాటిస్టికల్ మెకానిక్స్. నీకు ఇక్కడే ఎర్రచుక్కలు ఎక్కువుంటాయని నా అంచనా. ఫెర్మీ, బోస్ పంపిణీలు చూడకుండా రాబట్టగలిగే దాకా ముందుకు కదలం.

ఏప్రిల్ 8–14: సాలిడ్ స్టేట్. 15–19: స్పెక్ట్రోస్కోపీ, న్యూక్లియర్. పునాది పడి ఉంటుంది కాబట్టి ఇవి త్వరగా సాగుతాయి.

ఎలక్ట్రోడైనమిక్స్ వీటిలో దేనికీ గట్టిగా అతకదు, చెయ్యి ఆడకపోతే మాత్రం తుప్పు పడుతుంది. అందుకని 20 నుంచి రోజూ రాత్రి భోజనం తర్వాత రెండు లెక్కలు. ఎలక్ట్రానిక్స్‌లో ఎర్రచుక్క పడినవి మాత్రమే, అవి కూడా బస్సులో.

19 వరకు ఆదివారాల్లో కొత్త పాఠం ఉండదు. అప్పటిదాకా అయిన అన్నిటి నుంచీ చీటీలు తీసి, వచ్చిన ప్రశ్నకు జవాబు రాయాలి. ఏప్రిల్ 12 నాటికి డబ్బాలో క్వాంటం చీటీలు కూడా ఉండాలి, తీసేయొద్దు.

ఏప్రిల్ 20–25: పాత ప్రశ్నపత్రాలు, రోజుకొకటి, మూడు గంటలు గడియారం పెట్టుకుని. 26న ఎర్రచుక్కల కాగితాలు తప్ప ఏమీ తెరవం. పదింటికి లైటు ఆర్పేస్తున్నాను, 27 ఉదయం ఆరింటికి నన్ను లేపు.