శ్లాబు బిల్లులో కాంక్రీటు పరిమాణం గురించి

తెనాలి,
ఫిబ్రవరి 18, 2025

కాంట్రాక్టర్ శ్రీనివాసరావు గారికి రమాదేవి నమస్కరించి వ్రాయునది.

అన్నయ్య గారూ,

మొన్న శనివారం మీ సూపర్‌వైజర్ ఇచ్చి వెళ్లిన బిల్లు చూశాం. ఈ నెల 6న వేసిన గ్రౌండ్ ఫ్లోర్ శ్లాబుకి ఎం25 రెడీమిక్స్ 29.62 క్యూబిక్ మీటర్లు, మీటరుకి రూ.6,400 చొప్పున మొత్తం రూ.1,89,568 అని రాశారు. రేటు గురించి నాకు పేచీ లేదు. పంపు ఖర్చుతో సహా మనం అనుకున్న రేటే అది. సెంట్రింగ్, స్టీలు బిల్లులు కూడా సరిగానే ఉన్నాయి, వాటి జోలికి వెళ్లడం లేదు. నా అనుమానమంతా ఆ 29.62 మీదే. మేం ఎలా లెక్కవేసినా 22.16 దాటడం లేదు. ఏడున్నర మీటర్ల తేడా అంటే ఒక నిండు బండి కంటే ఎక్కువ.

ఫోనులో మాట్లాడితే మాట మీద మాట పెరుగుతుంది, అంకెలు గుర్తుండవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. పునాదుల బిల్లు, పిల్లర్ల బిల్లు ఇచ్చినప్పుడు నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్న సంగతి మీకు తెలుసు. అవి మా కొలతలకు సరిపోయాయి కాబట్టే అడగలేదు.

బిల్లులో మొత్తం అంకె తప్ప వివరం ఏమీ లేకపోవడంతో మీ సూపర్‌వైజర్‌ని అడిగాను. కొలతల కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అందులో శ్లాబు 32 × 44 అడుగులు, మందం 6 అంగుళాలు, అంటే 704 ఘనపు అడుగులు. బీములు 304 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు, అంటే 342 ఘనపు అడుగులు. రెండూ కలిపితే 1,046. దాన్ని 35.315తో భాగిస్తే మీ 29.62 వస్తుంది. కూడికలు, భాగహారాలు తప్పులేదు. తేడా అంతా తీసుకున్న కొలతల్లోనే ఉంది.

అన్నిటికంటే పెద్దది మందం. డ్రాయింగులో 125 మిల్లీమీటర్లు అని ఉంది, అంటే అయిదు అంగుళాలు. మా మావయ్య పంచాయతీరాజ్‌లో ఏఈగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం ఆయనా, నేనూ కలిసి మెట్ల కటౌట్ అంచు దగ్గరా, బాత్‌రూముల వైపు డక్టు దగ్గరా టేపు పెట్టి చూశాం. ఎక్కడ చూసినా 5 నుంచి 5¼ అంగుళాల మధ్యే ఉంది. ఆరు ఎక్కడా కనిపించలేదు. మధ్యలో సెంట్రింగ్ కాస్త కుంగి మందం పెరిగిందని మీరంటే, సెంట్రింగ్ బాధ్యత మీదే కదా, ఆ కాంక్రీటు ఖరీదు మా మీద వేయడం న్యాయం కాదు. నిజంగానే శ్లాబంతా ఆరంగుళాలు పోసి ఉంటే మాత్రం నాకు డబ్బు కంటే వేరే టెన్షన్ మొదలవుతుంది. అంగుళం మందం అదనంగా పడితే ఈ శ్లాబు మీద దాదాపు ఏడున్నర టన్నుల బరువు పెరుగుతుంది. దానికి బీములు, పిల్లర్లు సరిపోతాయా అని డిజైన్ ఇచ్చిన ఇంజినీర్‌ని అడగాల్సి వస్తుంది. అలా జరగలేదనే నా నమ్మకం. కాగితం మీద 5కి బదులు 6 పడింది, అంతే.

రెండోది కటౌట్లు. మెట్ల దగ్గర 7 × 12½ అడుగులు, డక్టు 3 × 4 అడుగులు, రెండూ కలిపి 99½ చదరపు అడుగులు. అక్కడ కాంక్రీటే లేదు, తలెత్తి చూస్తే ఆకాశం కనిపిస్తుంది. మీ కాగితంలో మాత్రం 32 × 44 మొత్తానికీ పోసినట్టే ఉంది. పైపులకు వదిలిన చిన్న చిన్న రంధ్రాల సంగతి నేను ఎత్తడం లేదు. ఐఎస్ 1200 ప్రకారం 0.1 చదరపు మీటరు లోపు రంధ్రాలను తీసివేయక్కర్లేదని, లోపలున్న ఇనుము పరిమాణాన్ని కూడా తగ్గించకూడదని మావయ్య చెప్పారు. మీకు రావాల్సిన ఆ వెసులుబాటు మీకే ఉంచాను. కానీ మనిషి నడిచి పైకి వెళ్లే మెట్ల ఖాళీ రంధ్రం కిందకి రాదు కదా.

మూడోది బీములు. ఇక్కడే లెక్క రెండుసార్లు పడింది. బీము మొత్తం లోతు 18 అంగుళాలన్నది నిజమే, కానీ అందులో పై అయిదు అంగుళాలు శ్లాబులో భాగం. శ్లాబుని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచినప్పుడే ఆ అయిదంగుళాలూ వచ్చేశాయి. మళ్లీ బీములో 18 కడితే అదే కాంక్రీటుకి రెండోసారి డబ్బు అడిగినట్టు. శ్లాబు కింద దిగిన 13 అంగుళాలే కట్టాలి. పొడవు కూడా కొంచెం పెరిగింది. నాలుగు నిలువు బీములు 44 అడుగుల చొప్పున 176, బాగానే ఉంది. అడ్డబీములు ఒక్కొక్కటి 32 అని వేశారు. నిలువు బీములతో కలిసే చోట్ల ఆ వెడల్పు ముందే లెక్కలోకి వచ్చింది కాబట్టి మిగిలేది 29 అడుగులే. నాలుగూ కలిపి 116. మొత్తం 292 అడుగులు. సెంట్రింగ్ ఇంకా ఉంది కాబట్టి బీము అడుగు ఇప్పుడు కొలవలేం. అయితే కాంక్రీటు పోయకముందు పక్క పలకలకు టేపు పెట్టి తీసిన ఫొటోలు నా ఫోనులో ఉన్నాయి, వాటిలో 18 అంగుళాలు స్పష్టంగా కనిపిస్తోంది.

ఇవన్నీ సరిచేస్తే ఇలా వస్తుంది:

శ్లాబు: (1,408 − 99.5) × 5/12 = 545.2 ఘనపు అడుగులు = 15.44 క్యూబిక్ మీటర్లు
బీములు: 292 × 0.75 × 13/12 = 237.25 ఘనపు అడుగులు = 6.72 క్యూబిక్ మీటర్లు
మొత్తం: 22.16 క్యూబిక్ మీటర్లు

తేడా 7.46 మీటర్లలో మందం వల్ల వచ్చింది 3.32, కటౌట్ల వల్ల 1.17, బీముల వల్ల 2.97. డబ్బులో చెప్పాలంటే రూ.47,744. మీకు ఇది చిన్న మొత్తమేమో, మాకు కిటికీల ఖర్చులో పెద్ద భాగం దీంతోనే తీరుతుంది.

కొలతలు పక్కన పెట్టి బండ్లు లెక్కపెట్టినా ఇదే తేలుతోంది. ఆ రోజు వచ్చినవి నాలుగు బండ్లు. మూడు 6 మీటర్లవి, చివరిది 5 మీటర్లది, మొత్తం 23. మా తమ్ముడు గేటు దగ్గరే ఉండి ప్రతి బండి చలాను ఫొటో తీశాడు. బండి నంబరు, ప్లాంటులో బయలుదేరిన టైము, గ్రేడు, పరిమాణం అన్నీ వాటిలో ఉన్నాయి. కొలిచిన దానికీ వచ్చిన దానికీ ఉన్న ఆ 0.84 మీటరు ఎటు పోయిందో కూడా మనకు తెలుసు. పంపు పైపులో మిగిలింది కొంత, మిగతా దానితో మీ వాళ్లు సంపు మూత పలకలు పోశారు. ఆ పని బాగా చేశారు, వృథా కానివ్వలేదు.

సోమవారం ఫోనులో మీరు అయిదో బండి సాయంత్రం చీకటి పడ్డాక వచ్చిందన్నారు. నాలుగో బండి ఖాళీ అయ్యాక పంపు వాళ్లు పైపులు విప్పి కడిగి, వెలుతురు ఉండగానే వెళ్లిపోయారు. ఆ తర్వాత బండి వస్తే కాంక్రీటు పైకి ఎలా ఎక్కింది? తట్టలతో ఎత్తితే అంతమంది కూలీలు ఉండాలి, మా వీధిలో ఎవరూ చూడకుండా ఉండరు. అయినా సరే, నేను మాటని కొట్టిపారేయడం లేదు. ఆ బండి చలాను చూపించండి. రెడీమిక్స్ ప్లాంటు వాళ్లు ప్రతి బండికీ చలాను ఇచ్చి తీరాలి. దాని కాపీ ప్లాంటులోనూ ఉంటుంది, ఏ లోడులో ఏమేం ఎంత కలిపారో చూపే బ్యాచ్ షీటు కూడా ఉంటుంది. అవి తెప్పించడం మీకు ఒక్క ఫోను పని.

మీ సూపర్‌వైజర్ ఇంకో మాట అన్నాడు, తడి లెక్క వేరు, పొడి లెక్క వేరు, 1.54తో గుణించాలి అని. ఆ 1.54 సైటులో మిల్లర్ పెట్టి కలిపేటప్పుడు సిమెంటు, ఇసుక, కంకర ఎంత తెప్పించాలో తేల్చుకోవడానికి వాడేది. రెడీమిక్స్ తడిగా కలిపే వస్తుంది, మీటరు అంటే మీటరే. దాన్ని మళ్లీ పెంచే పని లేదు. కుర్రాడు తెలియక అన్నాడనుకుంటాను. మీరైతే అనరు.

వేస్టేజీ గురించి అంటారేమో. స్టాంపు పేపరు మీద మనం రాసుకున్న ఒప్పందంలో కాంక్రీటుకి డ్రాయింగు ప్రకారం వేసి సైటులో కొలిచిన పరిమాణానికే బిల్లు అని, వేస్టేజీ రేటులోనే కలిసి ఉందని ఉంది. ఆ వాక్యం రాయించింది మీరే. తర్వాత గొడవ ఉండకూడదని అప్పుడు అన్నారు కూడా.

నేను అడిగేది ఒక్కటే. ఈ ఆదివారం, 23వ తేదీ ఉదయం 8 గంటలకు మీరు స్వయంగా సైటుకి రండి. డిజైన్ ఇచ్చిన ఇంజినీర్ గారిని కూడా రమ్మని అడిగాను, సరేనన్నారు. శ్లాబు మీద క్యూరింగ్ నీళ్లు నిలబెట్టి ఉన్నా అంచులు కొలవడానికి అడ్డం కాదు. నాలుగు వైపులా, కటౌట్ల దగ్గరా కలిపి కొలుద్దాం. మందం సగటున ఎంత వస్తే అంతే వేసుకోండి, 5¼ వచ్చినా నేను కాదనను. కొలతల కాగితం మీద మీరూ నేనూ సంతకం పెడదాం. బీముల లోతు మీద మీకు అనుమానం ఉంటే సెంట్రింగ్ ఊడదీసిన రోజు చూసుకుని ఆ ఒక్క అంకె సరిచేద్దాం. అయితే ఆ పేరుతో సెంట్రింగ్ ముందుగా తీయించవద్దు, ఇంజినీర్ గారు చెప్పిన గడువు పూర్తి కావాల్సిందే.

ఈలోగా మీ డబ్బు ఆపే ఉద్దేశం నాకు లేదు. 22.16 మీటర్లకు రూ.1,41,824 అవుతుంది. శ్లాబు ముందు రోజు ఇచ్చిన లక్ష పోను రూ.41,824 రేపు బ్యాంకు తెరవగానే మీ ఖాతాకి పంపిస్తాను. కూలీలకు, ప్లాంటుకి మీరు కట్టాల్సినవి ఉంటాయని తెలుసు. ఇది బిల్లు మొత్తానికి తుది చెల్లింపు కాదని, ఒప్పుకున్న భాగానికి మాత్రమేనని గమనించండి. ఆదివారం కొలతల్లో ఇంకా ఎక్కువ తేలితే ఆ తేడా సోమవారమే ఇస్తాను.

గోడల పని మాత్రం ఆపవద్దు. ఇటుక దిగింది, మేస్త్రీలు ఖాళీగా కూర్చుంటే మీకూ నష్టమే, మాకూ నష్టమే. ఫస్ట్ ఫ్లోర్ శ్లాబు వేసేటప్పుడు ఇలా కాకుండా, కాంక్రీటు పోసే ముందు రోజే కొలతల కాగితం తయారుచేసి ఇద్దరం సంతకాలు పెట్టుకుందాం. చలాన్ల కాపీలు బిల్లుకి జతచేస్తే నాకు మావయ్యని పిలిచే పని కూడా ఉండదు.

మా వారు విశాఖలో డ్యూటీలో ఉన్నారు, ఆదివారానికి వస్తున్నారు. వదిన గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
రమాదేవి

జతచేసినవి: మా కొలతల కాగితం, మీ సూపర్‌వైజర్ పంపిన కాగితం ప్రింటు, నాలుగు చలాన్ల ఫొటోలు, పక్క పలకల కొలత ఫొటోలు, ఒప్పందం రెండో పేజీ జిరాక్సు.