సంతకం పెట్టే ముందు కొంచెం టైమ్ కావాలండి

పాలకొల్లు,
12 నవంబర్ 2024

డాక్టర్ మేడమ్ గారికి నమస్కారం.

నా పేరు కె. సత్యవతి, వయసు 42. పోయిన గురువారం సాయంత్రం మా ఆయనతో కలిసి మీ ఓపీకి వచ్చాను. గర్భసంచిలో గడ్డలున్నాయి, నెలనెలా బ్లీడింగ్ ఎక్కువగా ఉంది, హిమోగ్లోబిన్ 8.1కి పడిపోయింది అని చూసి, గర్భసంచి తీసేయాలని ఈ శుక్రవారం 15వ తేదీకి ఆపరేషన్ పెట్టారు. ఆ రోజుకి నేను రావడం లేదండి. అసలు చేయించుకోనని కాదు. ఇంకో డాక్టరుకి కూడా చూపించుకుని, ఇంట్లో మాట్లాడుకుని, ఏదో ఒక సంగతి మీకు చెప్పడానికి ఈ నెలాఖరు దాకా టైమ్ ఇవ్వమని అడుగుతున్నాను. ఎదురుగా కూర్చుంటే నాకు మాట పెగలదు, పైగా బయట అంతమంది టోకెన్లు పట్టుకుని ఎదురు చూస్తుంటారు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

శుక్రవారం కార్తీక పౌర్ణమి కదా, అందుకే వాయిదా అంటున్నావా అని ఫోన్లో మీ సిస్టర్ అడిగింది. ఆ రోజు క్షీరారామం గుడి చుట్టూ ఆటో కూడా కదలదన్న మాట నిజమే గానీ, నేను ఆగింది దాని కోసం కాదు.

కౌంటర్ దగ్గర జరిగింది మీకు తెలియదేమో, చెబుతాను. నేను బీపీ చూపించుకుని వచ్చేసరికి అక్కడి అబ్బాయి మా ఆయన చేతిలో నాలుగు పేజీల ఫారం పెట్టేసి పెన్ను కూడా ఇచ్చేశాడు. మొత్తం ఇంగ్లీషే. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు, ఏం ఆపరేషన్ చేస్తారో రాయాల్సిన గీత మీద మాత్రం ఏమీ లేదు. ఇదేంటి బాబూ ఖాళీగా ఉంది అంటే, తర్వాత మేడమ్ రాస్తారులెండి, ముందు పెట్టేయండి అన్నాడు. మా ఆయన రొయ్యల చెరువు పట్టుబడి హడావుడిలో ఉన్నాడు, ఫోను మోగుతూనే ఉంది, పెట్టేసేవాడే. నేనే పెన్ను లాక్కున్నాను. వదిలేస్తే క్యాన్సర్ అవుతుందమ్మా అని కూడా అన్నాడా అబ్బాయి. ఆ మాట మీరు అనలేదు. అంత పెద్ద మాట కౌంటర్లో వినాల్సి రావడం నాకు నచ్చలేదండి. ఆ రాత్రంతా నిద్ర లేదు.

మా అమ్మకి 36 ఏళ్లకి తీసేశారు, మా పిన్నికి 34కి. మా వీధిలో లెక్కపెడితే నా కంటే పెద్దవాళ్లలో గర్భసంచి ఉన్నవాళ్లే తక్కువ. అమ్మకి అండాశయాలు కూడా తీశారో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, కాగితాలు లేవు. ఆపరేషనైన నెలకే ఒళ్లంతా ఆవిర్లు వచ్చేవని, మాఘమాసంలో కూడా వాకిట్లో మంచం వేసుకుని పడుకునేదని మాత్రం నాకు బాగా గుర్తు. యాభై దాటేసరికి ఎముకలు గుల్లయిపోయి, బాత్రూంలో జారితే తుంటి విరిగింది. అది దీని వల్లే అని నేననడం లేదు, నాకంత తెలియదు. కానీ పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది అని మీరన్నప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది.

నా ఇబ్బంది చిన్నదని కూడా అనుకోవడం లేదు. మిషన్ మీద కూర్చుని ఒక జాకెట్టు కుట్టి లేచేలోపు ప్యాడ్ నిండిపోయిన రోజులున్నాయి, నెలలో ఆరు రోజులు లేత రంగు చీర కట్టను, మెట్లెక్కితే ఆయాసం. దీనికి ఏదో ఒకటి చెయ్యాలి. గర్భసంచి తియ్యడం ఒక్కటే దారా అన్నదే నా అనుమానం.

స్కానింగ్ రిపోర్టులో ముందు గోడలో 4.8 సెంటీమీటర్ల గడ్డ ఒకటి, చిన్నవి రెండు, అండాశయాలు నార్మల్ అని ఉంది. ఆ పెద్ద గడ్డ లోపలి పొరని నొక్కుతోందా లేదా? నొక్కకపోతే హార్మోన్ ఉన్న లూప్ వేసి చూడొచ్చా, లేకపోతే గడ్డ వరకే తీసే ఆపరేషన్ కుదురుతుందా? లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపలేదు, పాప్ స్మియర్ కూడా చెయ్యలేదు, క్యాన్సర్ భయమే ఉంటే ముందు అవి చెయ్యాలి కదండీ. నెలసరి ఆగిపోయాక ఈ గడ్డలు మామూలుగా చిన్నవైపోతాయంటారు, నాకింకా ఎన్నేళ్లో తెలియదు గానీ, అప్పటిదాకా మందులతో నెట్టుకురావడం కుదరదా? రెండు బాటిళ్ల రక్తం సిద్ధం చేసుకోమన్నారు, దానికంటే ముందు ఐరన్ ఇంజెక్షన్లు వేసి రక్తం పెంచితే ఆ బాటిళ్లు తప్పుతాయా? చివరికి తియ్యాల్సిందే అని తేలితే, అండాశయాలు ఉంచుతారని మాత్రం ఫారంలో రాసి ఉండాలి.

వచ్చే సోమవారం కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వెళుతున్నాను, మా చెల్లెలు అక్కడే ఉంటుంది. అక్కడి గైనిక్ డాక్టరుకి చూపించడానికి నా స్కానింగ్ ఫిల్ములు, రక్త పరీక్షల కాగితాలు, మీరు రాసిన కేస్ షీట్ కాపీ కావాలి. అడిగిన 72 గంటల్లోపు కాపీలివ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉందట. మా అన్నయ్య కొడుకు లా చదువుతున్నాడు, వాడు చెప్పాడు. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇచ్చిన తీర్పు గురించి కూడా చెప్పాడు: పరీక్ష కోసమని మత్తిచ్చిన ఒకావిడకి, ఆవిడ మత్తులో ఉండగానే వాళ్లమ్మ చేత ఒప్పించి గర్భసంచి తీసేశారట, పేషెంటుకి తెలివొచ్చాక అడిగే వీలున్నప్పుడు తల్లి ఒప్పుకుంటే చెల్లదని కోర్టు అందట. దీన్ని బెదిరింపు అనుకోకండి మేడమ్, మీ చేతి మంచితనం గురించి విని వచ్చినదాన్నే. మా ఆయన సంతకంతో పని జరిగిపోకూడదని, నా సంతకం నేను చదివి పెట్టాలని, అంతే. ఫారం తెలుగులో ఒకటి ఉంటే ఇప్పించండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాను.

ఒకవేళ ఇది ఆగే కేసు కాదని, రెండు మూడు వారాలు కూడా ప్రమాదమే అని మీకనిపిస్తే, ఎందుకో ఓపీ చీటీ వెనకాల రెండు లైన్లు రాసివ్వండి, కాకినాడ ప్రయాణం కూడా ముందుకి జరుపుకుంటాను. ఆగొచ్చు అనుకుంటే ఈలోపు బ్లీడింగ్ తగ్గడానికి మాత్రలు, రక్తానికి మందు రాయండి. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా వేళాపాళా చూడకుండా మీ దగ్గరికే వస్తాను, అప్పుడు వాయిదా వేసుకున్నావుగా అని వెనక్కి పంపకండి.

కట్టిన పదివేల అడ్వాన్సు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచండి. 29వ తేదీ శుక్రవారం లోపు అవునో కాదో నేనే వచ్చి చెబుతాను, కాదంటే అప్పుడు అడ్వాన్సు లెక్క చూసుకుందాం. 15న ఆ బెడ్డు ఇంకెవరికైనా ఇచ్చేయండి.

కాపీల కోసం శుక్రవారం ఉదయం పది గంటలకి వస్తాను, అప్పటికి 72 గంటలు అవుతుంది. మా ఆయన్ని పంపను, నేనే వస్తాను.

ఇట్లు,
కె. సత్యవతి

ఫోన్ నంబరు ఓపీ చీటీ మీద రాయించిందే. అది మా ఆయనది, సాయంత్రం ఏడు దాటాక చేస్తే ఆయన చెరువు దగ్గర్నుంచి వచ్చేస్తాడు, నాకిస్తాడు.