రొయ్య మీసాలు: కథ సినాప్సిస్ నుంచి స్క్రీన్‌ప్లే

ముందు మనం అనుకున్న కథ ఇది.

పర్లాకిమిడిలో అప్పన్న కొమ్ముతో బొమ్మలు చేస్తాడు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఆ రాష్ట్రంలోకి వెళ్లింది, అప్పన్న ఇంట్లో తెలుగు మాత్రం అలాగే ఉంది. కొడుకు శ్రీనుకి విశాఖలో ఉద్యోగం వస్తుంది. అప్పన్న లోలోపల కుమిలిపోతాడు కానీ వద్దని అనడు. శ్రీనుకి ఆ పనంటే ప్రాణం, కాకపోతే దానితో ఇల్లు గడవదు. స్టేషన్లో తండ్రి కన్నీళ్లతో బొమ్మ చేతిలో పెట్టి కొడుకుని సాగనంపుతాడు.

ఇందులో కెమెరాకి కనిపించేది చాలా తక్కువ. "కుమిలిపోతాడు" అని రాసేస్తే నటుడు ఏం చేయాలి? అందుకే ఆ బాధని కుంపటి మీదకి తెచ్చాను, కొమ్ముని నిప్పుల మీద వేడి చేస్తేనే వంగుతుంది, కాసేపు ఎక్కువ ఉంచితే మాడుతుంది కాబట్టి. 1936 సంగతి ఎవరి చేతా చెప్పించలేదు, బోర్డు చాలు. స్టేషన్లో కన్నీళ్లు తీసేశాను, మీరు ఒప్పుకోకపోయినా సరే, అక్కడ తండ్రి అడగాల్సింది వేరే ఉందనిపించింది. మాటలు మన ఊరి యాసలోనే ఉంచాను, డబ్బింగ్‌లో దయచేసి మార్చొద్దు.

సీన్ 1
ఎక్స్‌టీరియర్ – పర్లాకిమిడి, అప్పన్న దుకాణం ముందు – ఉదయం

ఇరుకు వీధి. దుకాణం మీద వెలిసిపోయిన బోర్డు, పైన ఒడియా అక్షరాలు, కింద చిన్నగా తెలుగు. లోపలి నుంచి ఆకురాయి రాపిడి శబ్దం ఆగి ఆగి వినిపిస్తుంది.

కట్ టు:

సీన్ 2
ఇంటీరియర్ – దుకాణం – ఉదయం

కిటికీ వెలుగులో శ్రీను (24), చేతిలో నల్లటి కొమ్ము రొయ్య. వెంట్రుకంత సన్నటి మీసాన్ని ఆకురాయితో మెల్లగా రుద్ది, ఊది, మళ్లీ రుద్దుతాడు. మోకాళ్ల మీద తెల్లటి పొడి.

అప్పన్న (60) కుంపటి ముందు కూర్చుని పటకారుతో కొమ్ము ముక్క కాలుస్తున్నాడు. పార్వతి (52) టీ గ్లాసులతో వస్తుంది.

పార్వతి
ఆడు నీకేదో సెప్పాలంతన్నాడు.

అప్పన్న
సెప్పమను.

శ్రీను
(తలెత్తకుండా)
విశాపట్నంలో ఉద్యోగం ఖాయమైంది నానా. సోమవారం చేరిపోవాలి.

అప్పన్న కొమ్ముని నిప్పుల మీద నుంచి తీయడు.

అప్పన్న
జీతం ఎంతంట?

శ్రీను
పద్దెనిమిది వేలు.

అప్పన్న
మంచిదే. రూము?

శ్రీను
ఇంకో ఇద్దరితో కలిసి ఉంటాను.

సన్నగా పొగ లేస్తుంది. పార్వతి ముక్కు దగ్గర కొంగు పెట్టుకుంటుంది.

పార్వతి
ఏటయ్యా, మాడిపోతంది!

అప్పన్న ముక్కని బయటికి తీస్తాడు. అంచు బుడగలు వచ్చి చీలిపోయింది. దాన్ని పక్కన పెట్టి, బుట్టలోంచి ఇంకో ముక్క తీసుకుంటాడు.

అప్పన్న
టీ సల్లారిపోతాది, తాగరా.

కట్ టు:

సీన్ 3
ఇంటీరియర్ – దుకాణం – రాత్రి

ట్యూబ్‌లైట్. అప్పన్న ఒక్కడే. ఉదయం శ్రీను వదిలేసిన రొయ్యకి రెండో మీసం నున్నగా చేయబోతాడు. కళ్లజోడు పైకి తోసి, కిందికి దించి, లైటు దగ్గరికి జరుగుతాడు. టక్‌మని మీసం విరుగుతుంది. గుమ్మంలో శ్రీను నిలబడి ఉన్నాడని అప్పన్నకి తెలియదు. (ఇక్కడ సంగీతం వద్దు, ఆ శబ్దం ఒక్కటి స్పష్టంగా వినపడాలి.)

కట్ టు:

సీన్ 4
ఎక్స్‌టీరియర్ – పర్లాకిమిడి రైల్వే స్టేషన్ – ఉదయం

గుణుపూర్ వైపు నుంచి వచ్చిన బండి ఆగి ఉంది. శ్రీను కిటికీ సీట్లో, అప్పన్న ప్లాట్‌ఫామ్ మీద. ఇద్దరి మధ్యా కిటికీ చువ్వలు.

అప్పన్న
ఆదివారాలు సెలవేనా?

శ్రీను
సెలవే.

అప్పన్న
(ఇంజన్ వైపు చూస్తూ)
దీపావళికి రొయ్యలు కావాలన్నారు. మీసాలు నా కంటికి ఆనట్లేదురా.

అప్పన్న నోట ఈ మాట మొదటిసారి. శ్రీను బ్యాగు జిప్పు తీసి చూపిస్తాడు. మడత పెట్టిన చొక్కాల మధ్య గుడ్డలో చుట్టిన కొమ్ము ముక్కలు, వాటి పక్కన ఆకురాయి.

శ్రీను
రూములో సేసి, వచ్చినప్పుడల్లా తెస్తాను. నిన్ను అడక్కుండా తీసాను నానా.

అప్పన్న
ఆకురాయి మనకి ఉన్నది అదొక్కటే కదరా!

శ్రీను
ఇంకోటి కొనుక్కో.

బండి కదులుతుంది. అప్పన్న చువ్వలు పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు.

అప్పన్న
పాతపట్నంలో కొంటానులే! ఒరే, మీసం కొస నుంచి మొదలెట్టకు, మొదల్నుంచి రుద్దు!

కట్.