విషయం: షుగర్ ఓపీలో పాత పేషెంట్లకు టైమ్ రాసివ్వడం గురించి – నాలుగు శుక్రవారాల ట్రయల్‌కు అనుమతి కోరుతూ

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. మంగళ, శుక్రవారాల షుగర్ ఓపీలో రద్దీ గురించి పోయిన నెల మీటింగ్‌లో మీరు అడిగారు. ఆ రోజు నా దగ్గర లెక్కలు లేక గట్టిగా ఏమీ చెప్పలేకపోయాను. ఆ తర్వాత నాలుగు వారాలు, అంటే ఎనిమిది ఓపీ రోజులు, రిజిస్టర్ చూసి లెక్క తీశాను. ప్రతి పదో టోకెన్‌కి వచ్చిన టైమ్, డాక్టర్ గదిలోకి వెళ్లిన టైమ్, బయటికి వచ్చిన టైమ్ కూడా రాసుకున్నాను.

ఎనిమిది రోజుల్లో 1,016 మంది వచ్చారు. రోజుకి సగటున 127 మంది. అందులో పాత పేషెంట్లు 684 మంది. మొత్తం మీద 711 మంది ఉదయం 9 లోపే వచ్చేశారు. టైమ్ రాసిన 101 మందిలో డాక్టర్ని కలవడానికి సగటున పట్టింది 2 గంటల 10 నిమిషాలు, గదిలో ఉన్నది 6 నిమిషాలు.

మాకు డాక్టర్లు చాలడం లేదని నేనూ అనుకునేదాన్ని. కానీ 127 మందికి ఆరేసి నిమిషాల చొప్పున లెక్కేసి మూడు గదులకు పంచితే 254 నిమిషాలు వస్తోంది. 9కి మొదలుపెడితే ఒంటిగంటంపావుకి అయిపోవాలి, దాదాపు అలాగే అవుతోంది కూడా. కాబట్టి ఇబ్బంది డాక్టర్ల సంఖ్యలో లేదని, అందరూ ఒకేసారి రావడంలో ఉందని నాకనిపిస్తోంది. వాళ్లని తప్పు పట్టలేం. "బేగి వస్తే బేగి అయిపోద్దని వచ్చానమ్మా" అంది మాడుగుల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. మాత్ర వేసుకుని, టిఫిన్‌కి వెళ్తే టోకెన్ పోతుందని తినకుండా కూర్చుంది. కళ్లు తిరుగుతున్నాయంటే చూశాం, షుగర్ 58. గ్లూకోజ్ నీళ్లు పట్టించాక తేరుకుంది.

ఇంకో విషయం. పాత పేషెంట్లలో 171 మంది కొత్త రిపోర్టు లేకుండా వచ్చారు. డాక్టర్ పరీక్ష రాసేసరికి పరగడుపు శాంపిల్ టైమ్ దాటిపోతోంది, మళ్లీ ఓపీకి రమ్మంటున్నాం. ఈ 171 మందిలో 58 మంది పాడేరు, అరకు, చింతపల్లి వైపు వాళ్లు. ఒక్క రిపోర్టు కోసం వాళ్లకి రెండు రోజుల కూలి, రెండుసార్ల బస్సు ఛార్జీ పోతున్నాయి.

అందుకని నా మనవి ఇది. పాత పేషెంట్ వెళ్లేటప్పుడే వచ్చే విజిట్ తేదీతో పాటు గంట కూడా ఓపీ పుస్తకంలో రాసిద్దాం: 9, 10, 11, 12. ఒక్కో గంటకి పాతవాళ్లు 20 మంది, కొత్తవాళ్లకీ టైమ్ లేకుండా వచ్చేవాళ్లకీ 10 ఖాళీలు. అలా 120 మంది సరిపోతారు, మిగిలిన ఏడెనిమిది మందిని ఇప్పటిలాగే ఒంటిగంట తర్వాత చూడొచ్చు. పరీక్ష చేయించుకోవాల్సినవాళ్లకి 12 గంటల టైమ్ ఇస్తే, 7:30కి పరగడుపు శాంపిల్ ఇచ్చి, 8కి టిఫిన్ తిని, 10కి రెండో శాంపిల్ ఇచ్చి, రిపోర్టు చేత్తో పట్టుకునే డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఏజెన్సీ వాళ్లకి మాత్రం ఏ టైమ్ కావాలో వాళ్లనే అడుగుదాం. వాళ్లకి ఊరి బస్సే గడియారం. ఆ పూటే వచ్చి వెళ్లలేనివాళ్లకి శాంపిల్ వాళ్ల ఊరి దగ్గరి పీహెచ్‌సీలోనే ఇచ్చి రమ్మని ముందే చీటీ రాయొచ్చేమో, అది మీరే చెప్పాలి.

ఇందులో చిక్కులు లేకపోలేదు. టైమ్ రాసినా తెల్లారే వచ్చి కూర్చునేవాళ్లు ఉంటారు. పుస్తకం పోగొట్టుకునేవాళ్లూ ఉంటారు. గతంలో ఫోన్ టోకెన్ పెట్టినప్పుడు ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారని మీరన్నది గుర్తుంది, అందుకే ఫోన్ జోలికి పోలేదు. టైమ్ తప్పి వచ్చినా ఎవరినీ వెనక్కి పంపకూడదు, కాస్త ఆలస్యంగానైనా చూడాలి.

మీరు సరేనంటే శుక్రవారాల్లో మాత్రమే నాలుగు వారాలు చూద్దాం. మంగళవారం ఇప్పటిలాగే నడుస్తుంది కాబట్టి తేడా తెలుస్తుంది. శుక్రవారం సగటు ఎదురుచూపు గంటన్నర లోపుకి రాకపోతే ఆపేద్దాం. కొత్తగా మనిషి అక్కర్లేదు, టైమ్ రాసే పని నేనూ మా సిస్టరూ చూసుకుంటాం. ల్యాబ్‌లో మాత్రం ఒక టెక్నీషియన్ శుక్రవారం అరగంట ముందు రావాలి. ఆ మాట నేను అడిగితే బాగుండదు, మీరు ల్యాబ్ సార్‌తో ఒకసారి మాట్లాడగలరా?

రోజువారీ లెక్కల షీట్ దీంతో జతచేశాను. నేను తప్పుగా లెక్కేసిన చోటు ఉంటే దయచేసి చెప్పండి. బుధవారం రౌండ్స్ అయ్యాక పది నిమిషాలు టైమ్ ఇస్తే మీ గదికి వచ్చి వివరంగా చెప్తాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
సునీత
స్టాఫ్ నర్స్, మెడిసిన్ ఓపీ ఇన్‌ఛార్జ్
విశాఖపట్నం