విషయం: జీడిపప్పు ప్యాకెట్ డిజైన్ – పని మొదలుపెట్టే ముందు కావలసిన వివరాలు

అప్పారావు గారికి నమస్కారం.

మీరు శనివారం పంపిన వాట్సాప్ మెసేజీ, ఫ్యాక్టరీ ఫొటోలు అందాయండి. ఇన్నాళ్లూ పలాస నుంచి టిన్నుల్లో హోల్‌సేల్‌కి పోయే పప్పుని ఇప్పుడు మీ సొంత పేరుతో ప్యాకెట్లలో అమ్మాలనుకోవడం బాగుంది. ఆ పని నాకు ఇచ్చినందుకు సంతోషం.

"మూడు నాలుగు సైజులు, రిచ్‌గా ఉండాలి, మన ఊరు కనిపించాలి, సిరిమాను నాటికి విజయనగరం షాపుల్లో ఉండాలి" అని రాశారు. మీ ఉద్దేశం అర్థమైంది గానీ, దీన్నిబట్టి బొమ్మ గీయడం మొదలుపెడితే సగం పని మళ్లీ చేయాల్సి వస్తుంది. అందుకే ముందే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

మొదటిది సరుకు సంగతి. ప్యాకెట్లలో ఏయే రకాలు వేస్తున్నారు? గుండు ఒక్కటేనా, బద్ద కూడానా? గుండులో 240 వేస్తారా, 320 వేస్తారా? పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్నదే ఆ అంకె అని మీకు తెలుసు, కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. దాన్ని ప్యాకెట్ మీద వేయాలా, లేక "పెద్ద గుండు" అని రాస్తే చాలా, మీరే చెప్పాలి. ఉప్పు వేసి వేయించినవి, మిరియాలవి కూడా ఉంటాయని ఫోన్లో ఒక మాట అన్నారు. అవి ఇప్పుడేనా, తర్వాతా? ఇప్పుడే అయితే వాటి మీద పదార్థాల జాబితా, పోషకాల పట్టిక కూడా రావాలి. పట్టికకి ల్యాబ్ రిపోర్టు కావాలి కాబట్టి అది ముందే తేల్చుకోవాలి.

సైజులు గ్రాముల్లో చెప్పండి. 100, 250, 500 అనుకుంటున్నాను. కాకపోతే సరిదిద్దండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రింటింగ్. ప్యాకెట్లు ఎవరి దగ్గర వేయిస్తున్నారు, మొదటి విడతలో ఎన్ని? సిలిండర్ ప్రింటింగ్ అయితే రంగుకో సిలిండర్ చెక్కాలి. ప్రతి సైజుకీ, ప్రతి రకానికీ విడి సెట్టు పడుతుంది. నాలుగు సైజులు, రెండు రకాలు అంటే ఖర్చు ఎక్కడికి పోతుందో మీరే లెక్క వేసుకోండి. తక్కువ సంఖ్యలో అయితే డిజిటల్ ప్రింట్, లేదా సాదా పౌచ్ మీద స్టిక్కర్ సరిపోతాయి. నన్నడిగితే ఈ పండక్కి స్టిక్కరే మేలు, అమ్మకం చూశాక సిలిండర్లకి వెళ్లొచ్చు. ఏదైనా సరే, పౌచ్ కొలతల డ్రాయింగు ప్రింటర్ దగ్గర తీసుకుని పంపించండి. అది లేకుండా నేను గీత కూడా గీయలేను.

పప్పు బయటికి కనిపించేలా కిటికీ కావాలన్నారు. కొనేవాళ్లకి అది నచ్చుతుంది, నిజమే. కానీ వెలుతురు, గాలి తగిలితే పప్పు త్వరగా కనరెక్కుతుంది. లోపల అల్యూమినియం పొర ఉన్న పౌచ్ అయితే ఎక్కువ రోజులు ఆగుతుంది. దానికి కిటికీ కుదరదు. ఎన్ని నెలల గడువు వేయాలనుకుంటున్నారో చెబితే, ప్రింటర్‌తో మాట్లాడి ఈ సంగతి తేలుద్దాం.

వెనక వైపు తప్పనిసరిగా వేయాల్సినవి కూడా పంపండి: ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు (14 అంకెలు), తయారీదారు పేరు, పూర్తి చిరునామా, ఎంఆర్‌పీ, కస్టమర్లు ఫోన్ చేసే నంబరు, మెయిల్. బ్యాచ్ నంబరు, తేదీలు మీరే ప్యాకింగ్ దగ్గర కొట్టుకుంటారు, వాటికి ఖాళీ చోటు వదులుతాను. సూపర్ మార్కెట్లకి కూడా ఇస్తారంటే బార్‌కోడ్ కావాలి, ఉందా? చట్టప్రకారం రాయాల్సిన వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండి తీరాలి. తెలుగు దానికి అదనం. బరంపురం వైపు కూడా పంపేటట్టయితే ఒడియాలో పేరు వేద్దామా?

"రిచ్‌గా" అంటే ఒక్కొక్కరికి ఒక్కోటి తోస్తుంది. బంగారు రంగు, నల్ల రంగు వేసి పెళ్లి కార్డులా చేయమనా, తక్కువ బొమ్మలతో శుభ్రంగా ఉంచమనా? మీకు నచ్చిన రెండు మూడు ప్యాకెట్లు ఏవైనా సరే, బిస్కెట్లవైనా టీపొడివైనా, ఫొటో తీసి పంపండి. నచ్చనిది ఒకటి కూడా పంపితే ఇంకా మంచిది. "మన ఊరు" అంటే జీడి తోటా, పప్పు ఒలిచే చేతులా, ఇంకేదైనానా? మనుషుల ఫొటోలు వాడాలంటే వాళ్లని అడిగి ఒప్పించాలి.

చివరి మాట మీదా, మీ అబ్బాయిదా? ఇద్దరూ విడివిడిగా మార్పులు చెబితే నాకు కష్టం. ఎవరో ఒకరే చెప్పండి.

సిరిమానోత్సవం దసరా అయ్యాక వచ్చే మంగళవారం కాబట్టి, సరుకు అంతకు పది రోజుల ముందే షాపుల్లో ఉండాలి. అందులో ప్రింటర్‌కి పట్టే రోజులు తీసేస్తే డిజైన్‌కి మిగిలేది తక్కువే. ఈ బుధవారం లోపు వివరాలు అందితే, శనివారానికి ఖర్చు, తేదీలు రాసి పంపిస్తాను. అడ్వాన్సు ఫోన్‌పే చేస్తానన్నారు. అది ఇప్పుడు వద్దండి, ఎస్టిమేట్ మీకు నచ్చాకే పంపండి.

ఇవన్నీ టైపు చేసే తీరిక లేకపోతే సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి, నేనే రాసుకుని మీకు మెయిల్లో పంపిస్తాను.

ఇట్లు,
శ్రావణి
డిజైనర్, విజయనగరం