మన సంక్షేమ పథకం: పెద్దవాళ్ళ కోసం పెద్ద అక్షరాల్లో

పెద్దలందరికీ నమస్కారం. మొన్న మీటింగ్‌లో చూపించిన 26 స్లైడ్లలో అక్షరాలు చాలామందికి ఆనలేదని, వెనక వరసల్లో వాళ్ళు మొహమాటానికి తలూపి వెళ్ళిపోయారని తర్వాత తెలిసి చాలా బాధేసింది. అందుకే మీకు పనికొచ్చేవి మాత్రం తీసి 18 సైజు అక్షరాల్లో రాశాం. గ్రాఫులూ లెక్కల పట్టికలూ ఇందులో లేవు, కావాలంటే ఆఫీసులో చదివి వినిపిస్తాం.

చందా

ఈ ఏడాది పెరగలేదు. 70 ఏళ్ళు దాటినవాళ్ళు అసలు కట్టక్కర్లేదు. స్లైడ్‌లో "మినహాయింపు" అనే మాట చూసి కొంతమంది తమ సభ్యత్వమే పోయిందనుకున్నారట. పోలేదండీ, అన్ని సాయాలూ ఎప్పట్లాగే వస్తాయి.

హాస్పిటల్ ఖర్చు

కనీసం ఒక రాత్రి అడ్మిట్ అయి ఉండాలి. డిశ్చార్జ్ అయిన రోజు నుంచి 60 రోజుల్లోపు ఫారం మాకు చేరాలి, ఈ గడువు మాత్రం మర్చిపోకండి. డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, డాక్టర్ రాసిన మందుల చీటీ తెచ్చుకోండి. మెషిన్‌లోంచి వచ్చే నున్నటి బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి కాబట్టి ఇంటికి రాగానే జిరాక్స్ తీయించి ఒక సెట్టు మీ దగ్గరే ఉంచుకోండి. ఫారం మేమే నింపుతాం, సంతకం పెట్టడానికి చెయ్యి వణుకుతుంటే వేలిముద్ర సరిపోతుంది, మంచం మీద ఉన్నవాళ్ళ ఇంటికి మేమే వస్తాం.

నామినీ పేరు (ఇది తప్పకుండా చదవండి)

స్లైడ్లలో దీనికి ఒక్క లైనే ఇచ్చారు, కానీ నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. మీ తర్వాత కుటుంబానికి వెళ్ళాల్సిన డబ్బు ఎవరి చేతికివ్వాలో చెప్పే పేరు నామినీ. చేరినప్పుడు చాలామంది భార్య పేరో భర్త పేరో రాశారు, ఆ మనిషి కాలం చేసి ఏళ్ళవుతున్నా మన పుస్తకంలో పేరు అలాగే ఉండిపోయింది. అలాంటప్పుడు పిల్లలు వారసత్వ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, డబ్బు అందేసరికి నెలలు పడుతుంది. మార్చడానికి ఒక్క పేజీ ఫారం, ఇద్దరు సాక్షులు చాలు. ఎవరి పేరు రాయాలన్నది పూర్తిగా మీ ఇష్టం, ఎవరి బలవంతమైనా ఉంటే మాకు చెప్పండి, మీతో విడిగా మాట్లాడతాం.

ఫోన్లు

పథకం తరఫున అని చెప్పి ఎవరైనా ఓటీపీ గానీ, ఏటీఎం పిన్ గానీ అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి. మేం ఎప్పుడూ అడగం. ఒకవేళ ఇప్పటికే చెప్పేసి ఉంటే సిగ్గుపడొద్దు, ముందు బ్యాంకుకి, తర్వాత మాకు చెప్పండి.

ఆఫీసు

సోమవారం, గురువారం, ఉదయం 10 నుంచి 1 దాకా. నంబరు మీ సభ్యత్వ కార్డు వెనక ఉంది. మెట్లు ఎక్కలేనివాళ్ళు గేటు దగ్గర నుంచే ఒక ఫోన్ కొట్టండి, కాగితాలు తీసుకుని మేమే కిందకి వస్తాం.